జాయింట్ అకౌంట్ స్టేట్‌మెంట్: ఏ ఎంట్రీ ఎవరిదో తేల్చుకోవడం ఎలా

జాయింట్ అకౌంట్ స్టేట్‌మెంట్ పైభాగంలో ఇద్దరి పేర్లూ ఉంటాయి. కింద వరుసల్లో మాత్రం ఎవరి పేరూ కనిపించదు. బ్యాంకు దృష్టిలో డబ్బు పోయింది ఖాతాలోంచి, ఖాతా ఇద్దరిదీ, అంతే. అయితే డబ్బు ఏ దారిన బయటికి వెళ్లిందో బ్యాంకు ప్రతిసారీ రాసుకుంటుంది. ఫలానా కార్డు, ఫలానా చెక్కు కాగితం, ఫలానా లాగిన్, ఫలానా ఆటో డెబిట్ అనుమతి. ఆ దారి ఆనవాలు ఎంతో కొంత స్టేట్‌మెంట్‌లోకి కూడా వస్తుంది.

కాబట్టి పని రెండు అంచెలుగా సాగాలి. ఎంట్రీ దేనితో జరిగిందో ముందు చూడాలి. ఆ కార్డో చెక్కో ఆ రోజు ఎవరి చేతిలో ఉందో తర్వాత చూడాలి. మొదటిదానికి సమాధానం చాలావరకు కాగితం మీదే దొరుకుతుంది. రెండోదానికి స్టేట్‌మెంట్ బయట వెతకాలి. ఈ రెంటినీ ఒకటిగా కలిపేస్తేనే పేచీలు వస్తాయి. "నీ కార్డు మీద పడింది కాబట్టి నువ్వే వాడావు" అన్న మాట సగం వరకే నిజం.

ముందు ఒక జాబితా

స్టేట్‌మెంట్ తెరవకముందే ఇద్దరూ కూర్చుని, ఈ ఖాతాలోంచి డబ్బు తీయగల సాధనాలన్నీ ఒక కాగితం మీద రాయండి. ఇద్దరి కార్డుల చివరి నాలుగు అంకెలు, చెక్కు పుస్తకాల్లో మొదటి కాగితం నంబరు, చివరి కాగితం నంబరు, నెట్ బ్యాంకింగ్ యూజర్ ఐడీలు, ఫోన్లలో ఎక్కించిన కార్డులు, ఆటో డెబిట్‌లు, కార్డు వివరాలు దాచిపెట్టిన వెబ్‌సైట్లు, యాప్‌లు.

ప్రతిదాని పక్కనా ఎప్పటి నుంచి ఎప్పటి వరకు వాడుకలో ఉందో కూడా రాయండి. ఇది వదిలేస్తే తర్వాత ఇబ్బంది పడతారు. పోయిన కార్డు స్థానంలో కొత్తది వస్తే సాధారణంగా నంబరు మారుతుంది. గడువు తీరి వచ్చిన కార్డు మీద మాత్రం చాలా బ్యాంకులు పాత నంబరే కొనసాగిస్తాయి. ఆరు నెలల స్టేట్‌మెంట్ చూస్తున్నారంటే అందులో మూడు నాలుగు కార్డు నంబర్లు కనబడినా కంగారు పడక్కర్లేదు. కాకపోతే ఆ పాత నంబర్లు మీ జాబితాలో ఉండాలి, లేకపోతే మీ సొంత లావాదేవీ మీకే దొంగ లావాదేవీలా కనిపిస్తుంది.

ఇక్కడే ఇంకో చిన్న పరీక్ష చేయండి. రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి నంబర్లు పోల్చండి. చివరి నాలుగు అంకెలు వేరుగా ఉంటే పని సులువు. కొన్ని బ్యాంకులు జాయింట్ ఖాతాదారులిద్దరికీ ఒకే నంబరున్న కార్డులిస్తాయి. అప్పుడు రెంటికీ తేడా చిప్ లోపల ఉండే సీక్వెన్స్ నంబరులోనే ఉంటుంది. అది స్టేట్‌మెంట్‌లో అచ్చుకాదు. చిప్ చదివిన లావాదేవీలకు బ్యాంకు రికార్డులో ఆ నంబరు ఉంటుంది కాబట్టి అడిగితే తేలుతుంది. నంబరు టైప్ చేసి ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు చిప్ ప్రసక్తే రాదు, అందుకని సీక్వెన్స్ నంబరూ వెళ్లదు. అలాంటి ఖాతాలో ఆన్‌లైన్ కొనుగోళ్లను కార్డు అంకెలతో విడదీయడం మీద ఆశ వదులుకుని, నేరుగా ఆర్డర్ మెయిళ్ల దగ్గరికి వెళ్లడం మేలు.

స్టేట్‌మెంట్ ఏ రూపంలో తీసుకోవాలి

పీడీఎఫ్ చూడటానికి బాగుంటుంది గానీ అందులో వివరాల గడి ఇరుగ్గా ఉంటుంది. పొడుగు వివరణ మధ్యలో తెగిపోతే తెగిన ముక్కలోనే కార్డు అంకెలు పోవచ్చు. బ్యాంకు సైట్‌లో సీఎస్‌వీ గానీ ఎక్సెల్ గానీ ఇస్తే అదీ దించుకోండి. యాప్‌లో ఒక్కో ఎంట్రీ మీద నొక్కి చూస్తే కాగితం మీద లేని సమయం, టెర్మినల్ నంబరు, పద్ధతి వంటివి కొన్నిసార్లు కనిపిస్తాయి. మూడింటిలో ఏది ఎక్కువ చెబుతుందో రెండు ఎంట్రీలు పోల్చి చూస్తే అర్థమైపోతుంది.

సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి తెరవకండి. ఎక్సెల్ అంకెల గడిని సంఖ్యగా తీసుకుంటుంది. అప్పుడు 000213 అనే చెక్కు నంబరు 213 అయిపోతుంది. పొడుగు రిఫరెన్స్ నంబర్లలో మొదటి 15 అంకెలే నిలుస్తాయి, తర్వాతివి సున్నాలుగా మారిపోతాయి. ఒకసారి అలా మారిన ఫైల్‌ను సేవ్ చేస్తే అసలు అంకెలు తిరిగి రావు. డేటా మెనూలోంచి ఫైల్‌ను ఇంపోర్ట్ చేసుకుని, వివరాల గడినీ రిఫరెన్స్ గడినీ టెక్స్ట్‌గా ఎంచుకోండి.

ఎంట్రీల పక్కన మూడు కొత్త గడులు పెట్టండి: దేనితో, ఎవరు, ఆధారం. మూడో గడి అనవసరం అనిపిస్తుంది గానీ తర్వాత వాదన వచ్చినప్పుడు పనికొచ్చేది అదే. "చెక్కు బొమ్మ మీద సంతకం చూశాం" అని రాసిన వరుస మీద ఎవరూ రెండోసారి గొడవ పడరు. "గుర్తున్నట్టుంది" అని రాసిన వరుస మీద పడతారు.

ఒక నెల స్టేట్‌మెంట్‌తో చేసి చూద్దాం

అమ్మ ఇంటి ఖర్చుల కోసం అక్కా తమ్ముడూ కలిసి నడుపుతున్న ఖాతా అనుకోండి. అక్క కార్డు చివరి అంకెలు 4417. తమ్ముడి కార్డు 3306. అది పోవడంతో తొమ్మిదో తేదీన బ్లాక్ చేసి 4425 తీసుకున్నాడు. చెక్కు పుస్తకం ఒక్కటే, 000201 నుంచి 000225 వరకు, తమ్ముడి ఇంట్లో ఉంటుంది. జూన్ నెల స్టేట్‌మెంట్ ఇలా ఉంది:

```
OPENING BALANCE              61,400.00
03/06 POS 4417 GROCERY        1,840.00
05/06 ATM 3306 T00931         5,000.00
06/06 POS 9082 METRO             60.00
08/06 CHQ 000213             12,000.00
10/06 DD M77120 ELECTRIC      2,310.00
12/06 TRF NETBANK XX1908     15,000.00
16/06 POS 4425 FUEL           2,000.00
19/06 ECOM 4417 SUBSCR          499.00
24/06 REFUND 4417 GROCERY       640.00 CR
27/06 CHARGES                   118.00
CLOSING BALANCE              23,213.00
```

మొదట కూడికలు చూడండి. పోయిన మొత్తం 38,827, వచ్చింది 640, తేడా 38,187. మొదటి నిల్వ 61,400లోంచి 38,187 తీస్తే 23,213, అంటే చివరి నిల్వతో సరిపోయింది. ఒక పేజీ రాకపోయినా, ఒక వరుస కాపీ కాకపోయినా ఇక్కడే బయటపడుతుంది. ఇది సరిపోకుండా పంపకం మొదలుపెడితే చివర్లో మళ్లీ మొదటికి రావాల్సి వస్తుంది.

కార్డు అంకెలు కనిపించేవి

`POS` అంటే దుకాణంలో కార్డు మెషీన్ మీద జరిగింది, `ATM` అంటే ఏటీఎంలో తీసింది, `ECOM` అంటే ఆన్‌లైన్. ఈ మాటలు బ్యాంకును బట్టి మారతాయి గానీ విభజన ఇదే. మూడో తేదీ సరుకులు 4417, అక్క కార్డు. ఐదో తేదీ ఏటీఎం 3306. ఇప్పుడు వాడుకలో ఉన్న రెండు కార్డుల్లోనూ ఈ నంబరు లేదు. జాబితాలో పాత కార్డు రాసి ఉండబట్టి తమ్ముడిదని తెలిసింది. తేదీ కూడా కుదిరింది, కార్డు బ్లాక్ చేసింది తొమ్మిదిన. అదే 3306 మీద పదకొండునో పన్నెండునో ఏటీఎం విత్‌డ్రా కనిపించి ఉంటే మాత్రం అది పంపకం విషయం కాదు, వెంటనే బ్యాంకుకు ఫోన్ చేయాల్సిన విషయం.

ఆరో తేదీ 9082 ఎవరిది? ఏ కార్డు మీదా లేదు. ఫోన్ తాకించి చెల్లించేటప్పుడు దుకాణానికి అసలు కార్డు నంబరు వెళ్లదు. కార్డును ఫోన్‌లోకి ఎక్కించినప్పుడే దాని బదులు వేరే నంబరు ఒకటి తయారై ఆ ఫోన్‌లో ఉంటుంది. దాన్ని టోకెన్ అంటారు. చాలా బ్యాంకులు స్టేట్‌మెంట్‌లో దాన్ని మళ్లీ అసలు కార్డు అంకెలుగా మార్చి చూపిస్తాయి. మార్చని చోట మీకు తెలియని నాలుగు అంకెలు కనిపిస్తాయి. దుకాణం ఇచ్చే రసీదు మీద ఎక్కువగా టోకెన్ అంకెలే ఉంటాయి కాబట్టి, రసీదునూ స్టేట్‌మెంట్‌నూ పోల్చేవాళ్లకు కూడా ఈ తేడా ఎదురవుతుంది.

తేల్చుకోవడం తేలికే. ఫోన్‌లో వాలెట్ యాప్ తెరిచి, కార్డు మీద నొక్కి, దాని వివరాల్లోకి వెళ్లండి. యాపిల్ వాలెట్‌లో `Device Account Number` అనీ, గూగుల్ వాలెట్‌లో `Virtual account number` అనీ ఉండి, పక్కన చివరి నాలుగు అంకెలు కనిపిస్తాయి. ఒకే కార్డును ఫోన్‌లోనూ వాచీలోనూ ఎక్కిస్తే రెంటికీ వేర్వేరు నంబర్లు ఉంటాయి, రెండూ చూడండి. మన ఉదాహరణలో 9082 అక్క ఫోన్‌లో దొరికింది. నిజానికి కార్డుకన్నా ఇది గట్టి ఆధారం. కార్డును ఎవరి చేతికైనా ఇచ్చి పంపుతాం. ఫోన్ అన్‌లాక్ చేసి ఇవ్వడం అరుదు.

తేదీని నమ్మి పొరపడేది ఇక్కడే

పదహారో తేదీ ఇంధనం 4425, తమ్ముడి కార్డు. "పదహారున నేను ఊళ్లోనే లేను" అంటాడు తమ్ముడు. నిజమే అయి ఉండొచ్చు. స్టేట్‌మెంట్‌లో మొదట కనిపించే తేదీ చాలాసార్లు లావాదేవీ జరిగిన రోజుది కాదు, బ్యాంకు ఖాతా పుస్తకంలో ఎక్కించిన రోజుది. కార్డు మెషీన్ మీద బీప్ వచ్చినప్పుడు బ్యాంకు ఆ మొత్తాన్ని పక్కన పెట్టి ఆపుతుంది, అంతే. దుకాణం తన రోజు లెక్క పంపాక అసలు ఎంట్రీ పడుతుంది. సాధారణంగా ఒకటి రెండు రోజులు, వారాంతమో సెలవో మధ్యలో వస్తే ఇంకొంచెం. కొన్ని స్టేట్‌మెంట్లలో రెండు తేదీల గడులుంటాయి గానీ వాటిలోనూ తికమక ఉంది: `Value date` అని ఉండేది వడ్డీ లెక్కకు సంబంధించిన తేదీ, మీరు కొన్న రోజని అనుకోకండి. కొన్న తేదీ కావాలంటే వివరాల గడిలోనో, యాప్‌లో ఆ ఎంట్రీ లోపలో వెతకాలి. మన తమ్ముడి దగ్గర రసీదు దొరికింది, తేదీ 14.

దీన్నిబట్టి ఒక నియమం పెట్టుకోండి. ఎవరు ఎక్కడున్నారన్నదాన్ని స్టేట్‌మెంట్ తేదీతో పోల్చి ఏ ఎంట్రీనీ ఎవరి పేరునా రాయవద్దు, ఎవరి పేరూ కొట్టేయవద్దు. ఏటీఎం, ఖాతా నుంచి ఖాతాకు పంపినవి మాత్రం ఎక్కువగా అదే రోజు ఎక్కుతాయి, వాటికి తేదీ కొంత నమ్మదగ్గది. అక్కడ కూడా రాత్రి ఆలస్యంగా చేసినవి మర్నాటి తేదీతో పడతాయి.

మొత్తంలోనూ ఇలాంటి తేడా వస్తుంది. ఇంధనం, హోటల్ గది, అద్దె వాహనం వంటి చోట్ల ముందు ఒక అంచనా మొత్తాన్ని ఆపి, తర్వాత అసలు మొత్తం తీసుకుంటారు. ఫోన్‌కు వచ్చిన మెసేజ్‌లో ఒక అంకె, స్టేట్‌మెంట్‌లో ఇంకో అంకె ఉంటే రెండు లావాదేవీలు జరిగాయని అనుకోకండి. పేరు సంగతీ అంతే. దుకాణం బోర్డు మీద ఒక పేరు, స్టేట్‌మెంట్‌లో దాని యజమాన్య సంస్థ పేరో, చెల్లింపు సేవ పేరో ఉండొచ్చు. పేరు కొత్తగా ఉందని ఎంట్రీని అవతలివాళ్ల మీదికి తోసేయకముందు, అదే మొత్తం మీ మెయిల్‌లో వెతకండి. 1,840.00 అని ఒకసారి, 1840 అని ఒకసారి.

చెక్కు: పుస్తకం ఎక్కడుందో కాదు, సంతకం ఎవరిదో చూడాలి

000213 నంబరు కాగితం తమ్ముడి ఇంట్లో ఉన్న పుస్తకంలోది. అంతమాత్రాన అతని పేరున రాయకూడదు. జాయింట్ ఖాతాలో ఎవరో ఒకరు సంతకం చేస్తే చాలనే ఏర్పాటు ఉంటే, పుస్తకం ఒకటే అయినా ఇద్దరూ అందులోంచి చింపుకుంటారు. ముందు పుస్తకంలో మిగిలే తోకముక్క చూడండి. అక్కడ రాసి ఉంటే చేతిరాత తెలిసిపోతుంది. లేకపోతే చెల్లిన చెక్కు బొమ్మ కోసం చూడండి. చాలా బ్యాంకుల నెట్ బ్యాంకింగ్‌లో చెక్కు ఎంట్రీ మీద నొక్కితే బొమ్మ వస్తుంది, రాకపోతే శాఖలో అడిగితే ఇస్తారు, కొంత రుసుము పడొచ్చు. ఇక్కడ బొమ్మ మీద సంతకం అక్కది. అమ్మ చికిత్స కోసం ఆవిడే రాసిచ్చి మర్చిపోయింది. 12,000 అక్క వరుసలోకి వెళ్లింది.

ఇద్దరూ సంతకం చేస్తేనే చెల్లే ఖాతా అయితే ఈ ప్రశ్నే రాదు, ప్రతి చెక్కూ ఇద్దరిదీ. చెక్కులోనూ తేదీ మోసం చేస్తుంది. స్టేట్‌మెంట్‌లో పడేది చెల్లిన తేదీ. రాసిచ్చినది అంతకు రెండు వారాల ముందైనా కావచ్చు.

నెట్ బ్యాంకింగ్ బదిలీ: ఉన్నవాటిలో కష్టమైనది

పన్నెండో తేదీ 15,000 వెళ్లింది. వరుసలో పద్ధతి ఉంది, అవతలి ఖాతా చివరి అంకెలు ఉన్నాయి, పంపిన లాగిన్ మాత్రం లేదు. మొత్తం కూడా పెద్దది. అందుకని ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి.

చాలామంది మొదట చేసే పని ఫోన్‌లో మెసేజ్ వెతకడం. "నాకు మెసేజ్ రాలేదు, కాబట్టి నేను చేయలేదు" అనో, "నీకు మెసేజ్ వచ్చింది కాబట్టి నువ్వే" అనో తేల్చేస్తారు. డబ్బు పోయిందని చెప్పే మెసేజ్ ఖాతాకు నమోదైన నంబరుకు వెళ్తుంది. అది మొదటి ఖాతాదారు నంబరు ఒక్కటే కావచ్చు, ఇద్దరిదీ కావచ్చు. పంపినవారెవరో అది చెప్పదు. వెతకాల్సింది ఓటీపీ మెసేజ్. ఒక్కో లాగిన్‌కు వేరే ఫోన్ నంబరు జతచేసి ఉంటే ఓటీపీ ఆ లాగిన్ వాడినవారి ఫోన్‌కే వస్తుంది. ఓటీపీ వచ్చిన సమయమూ, బదిలీ సమయమూ నిమిషాల తేడాలో ఉంటే దాదాపు తేలినట్టే.

తర్వాత ఇద్దరూ ఎవరి లాగిన్‌లోకి వారు వెళ్లి మూడు చోట్ల చూడండి. పంపిన బదిలీల చరిత్ర, డబ్బు పంపడానికి చేర్చుకున్న ఖాతాల జాబితా, షెడ్యూల్ చేసిన చెల్లింపులు. ఖాతా స్టేట్‌మెంట్ ఇద్దరికీ ఒకేలా కనిపించినా, పంపిన బదిలీల చరిత్రా, చేర్చుకున్న ఖాతాల జాబితా చాలా బ్యాంకుల్లో లాగిన్‌కు సంబంధించినవి. ఒకరి దగ్గర కనిపించేవి ఇంకొకరి దగ్గర కనిపించవు. 1908తో ముగిసే ఖాతా తమ్ముడి జాబితాలో ఉంది, అక్క జాబితాలో లేదు. చరిత్రలో పన్నెండో తేదీ పదిహేను వేలూ అక్కడే ఉన్నాయి. చూస్తే అది అమ్మ ఇంటి అద్దె, మూడు నెలల కిందట అతనే ప్రతి నెలా వెళ్లేలా పెట్టిన షెడ్యూల్. పన్నెండున ఎవరూ ఏమీ నొక్కలేదు, అందుకే ఓటీపీ కూడా ఇద్దరి ఫోన్లలోనూ లేదు.

ఇద్దరూ ఒకే యూజర్ ఐడీ, ఒకే పాస్‌వర్డ్ వాడుతుంటే ఈ దారి మొత్తం మూసుకుపోతుంది. బ్యాంకు దగ్గర కూడా ఒక్క మనిషే కనిపిస్తాడు. అలాంటి ఖాతాలో పాత బదిలీల డబ్బు అందుకున్న ఖాతా ఎవరిదో, ఎందుకో చూసి ఊహించడమే మిగులుతుంది. ఆధారం గడిలో "ఊహ" అని నిజాయతీగా రాయండి.

ఆటో డెబిట్, దాచిన కార్డు

పదో తేదీ కరెంటు బిల్లు `DD M77120`. ఇది ఆటో డెబిట్. `M77120` అనేది అనుమతి పత్రం నంబరు. ఆ అనుమతి ఇచ్చింది తమ్ముడు, రెండేళ్ల కిందట. అయినా ప్రతి నెలా బిల్లును "తమ్ముడు చేసిన ఖర్చు" అనడం అర్థంలేని లెక్క. ఇలాంటివాటికి "ఎవరు" గడిలో "ఉమ్మడి" అని మూడో పద్దు పెట్టండి. అనుమతి నంబరు మాత్రం రాసుకోండి, అది ప్రతి నెలా మారదు కాబట్టి ఒకసారి తేలిస్తే మిగతా నెలలన్నీ తేలిపోతాయి.

పంతొమ్మిదో తేదీ 499 చూడటానికి తేలికగా ఉంటుంది: 4417, అక్క కార్డు, ఆన్‌లైన్. అక్క మాత్రం నాకు ఏ సభ్యత్వమూ లేదంటుంది. ఆన్‌లైన్ ఎంట్రీలో కార్డు అంకెలు చెప్పేది ఏ కార్డు నంబరు దాచి ఉందో అంతవరకే. ఒకసారి నంబరు దాచాక ఆ యాప్ ఖాతాలో ఎవరు నొక్కినా దాని మీదే పడుతుంది. కొన్ని చోట్ల కార్డు మారినా కొత్త నంబరును బ్యాంకు నుంచే సైట్‌కు అందించే ఏర్పాటు ఉంటుంది, దాంతో పాత సభ్యత్వం కొత్త కార్డు మీద కూడా నడుస్తూనే ఉంటుంది. ఇక్కడ అడగాల్సింది కార్డు ఎవరిదని కాదు, యాప్‌లో ఖాతా ఎవరి మెయిల్‌తో ఉందని. ఇద్దరి మెయిల్ పెట్టెల్లోనూ 499 అని వెతికితే బిల్లు తమ్ముడి మెయిల్‌లో దొరికింది. ఎప్పుడో అక్క ఇంట్లో టీవీలో పెట్టుకుంటూ ఆవిడ కార్డు ఇచ్చాడు. మీ పట్టికలో "దేనితో" గడిలో 4417, "ఎవరు" గడిలో తమ్ముడు. రెండు గడులు విడిగా పెట్టమన్నది ఇందుకే.

వాపసు, ఛార్జీలు

వాపసు కొత్త ఆదాయం కాదు. దాన్ని తెచ్చిన కొనుగోలుకు జతచేయాలి. 640 మూడో తేదీ సరుకులది, కార్డు అదే, దుకాణం అదే. అక్క ఖర్చు 1,840 కాదు, 1,200. కొన్న నెల ఒకటి, వాపసు వచ్చిన నెల ఒకటి అయితే పాత నెల పట్టికలోకి వెళ్లి సరిచేయండి, లేదా కనీసం పాత తేదీ ఆధారం గడిలో రాయండి. ఛార్జీ దేనివల్ల పడిందో తెలిస్తే దాన్ని తెచ్చినవారికి వేయొచ్చు. 118 వంటి చిన్న మొత్తానికి ఆ వెతుకులాట దండగ. ఉమ్మడిలో వేసి ముందుకు కదలండి.

మళ్లీ కూడిక

పట్టికలో D గడిలో పోయినవి, E గడిలో వచ్చినవి, G గడిలో ఎవరన్నది ఉంటే ఒక్కొక్కరి మొత్తానికి ఇది చాలు:

```
=SUMIFS(D:D,G:G,"అక్క")-SUMIFS(E:E,G:G,"అక్క")
```

అక్క: సరుకులు 1,200, మెట్రో 60, చెక్కు 12,000, మొత్తం 13,260. తమ్ముడు: ఏటీఎం 5,000, బదిలీ 15,000, ఇంధనం 2,000, సభ్యత్వం 499, మొత్తం 22,499. ఉమ్మడి: కరెంటు 2,310, ఛార్జీ 118, మొత్తం 2,428. మూడూ కూడితే 38,187. మొదట్లో వచ్చిన తేడాతో అణా పైసలతో సహా సరిపోయింది. సరిపోకపోతే ముందు చూడాల్సింది పేరు గడిలో అదనపు ఖాళీ. "అక్క" తర్వాత ఒక స్పేస్ పడితే ఫార్ములా దాన్ని వేరే మనిషిగా చూసి వదిలేస్తుంది.

పైపైన కార్డు అంకెలు మాత్రమే చూసి, చెక్కును పుస్తకం ఉన్నవారి పేరున, కరెంటు బిల్లును అనుమతి ఇచ్చినవారి పేరున వేసి, ఛార్జీని మాత్రం విడిచిపెట్టి ఉంటే తమ్ముడి లెక్క 36,310 అయ్యేది. పద్నాలుగు వేలకు చిల్లర తక్కువ తేడా, అదీ ఒక్క నెలలో.

ఈ మొత్తాలు ఎవరు నొక్కారు, ఎవరు రాశారు, ఎవరు తీశారు అన్నంతవరకే చెబుతాయి. ఎవరి కోసం అన్నది వేరే లెక్క. తమ్ముడి పేరున ఉన్న 15,000 అమ్మ ఇంటి అద్దె. ఏటీఎంలో తీసిన 5,000 ఎటు వెళ్లిందో ఏ స్టేట్‌మెంటూ చెప్పదు. ఖర్చు పంచుకోవడానికి ఈ పట్టిక వాడుతుంటే "ఎవరి కోసం" అని నాలుగో గడి పెట్టుకోండి, దాన్ని మాత్రం మాట్లాడుకునే నింపాలి.

మిగిలిపోయినవాటికి బ్యాంకును ఏమని అడగాలి

"ఈ ఎంట్రీ మాలో ఎవరిది" అని అడిగితే బ్యాంకులో ఎక్కువగా "ఖాతా మీ ఇద్దరిదీ కదా" అన్న జవాబే వస్తుంది. ప్రశ్న సాధనం గురించి ఉండాలి. ఎంట్రీ తేదీ, మొత్తం, రిఫరెన్స్ నంబరు రాసి, ఏ కార్డుతో జరిగింది, చిప్ చదివారా, ఫోన్ తాకించారా, నంబరు టైప్ చేశారా, ఏటీఎం అయితే ఎక్కడిది, ఎన్ని గంటలకు, బదిలీ అయితే ఏ యూజర్ ఐడీ నుంచి అని విడివిడిగా అడగండి. ఒకే నంబరున్న జంట కార్డులైతే సీక్వెన్స్ నంబరు కూడా అడగండి. రాతపూర్వకంగా, నాలుగైదు ఎంట్రీలకు మించకుండా అడిగితే జవాబు త్వరగా వస్తుంది. ఏడాది స్టేట్‌మెంట్ మొత్తం జతచేసి పంపితే అది బల్ల మీదే ఉండిపోతుంది.

ఒక ఎంట్రీ ఇద్దరూ మాది కాదంటే, పట్టిక పూర్తయ్యేదాకా దాన్ని పక్కన పెట్టకండి. మోసపు లావాదేవీల మీద ఫిర్యాదుకు గడువు ఉంటుంది, ఆలస్యమైతే డబ్బు తిరిగొచ్చే అవకాశం తగ్గుతుంది. టోకెన్ అంకెలు, పాత కార్డు, దాచిన కార్డు, షెడ్యూల్, ఈ నాలుగూ అదే రోజు చూసేయండి. ఏదీ కుదరకపోతే కార్డు బ్లాక్ చేయించి ఫిర్యాదు నంబరు తీసుకోండి, ఆ నంబరును ఆధారం గడిలో రాయండి.